జివ్వుమని పోయేది, ఉండిపోయేది

అత్తగారి పన్ను నొప్పీ తన పన్ను నొప్పీ ఒకటి కావని పుష్పరాణికి మొదటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతి ఇంట్లో చెప్పింది కూడా. చెప్పాక ఏం జరిగిందన్నదే ఈ కథ.

వాళ్ల కాపురం గార్డెన్ రీచ్‌లో, కార్పొరేషన్ సఫాయి పనివాళ్లకి ఇచ్చిన క్వార్టర్లలో. మామగారు సూరన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా వీధులు ఊడ్చాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం కొడుకు రాజాకి వచ్చింది. తెల్లారకముందే చెత్త లారీ మీద వెళ్లిపోయేవాడు. అత్తగారు అప్పమ్మ కూడా ఊడ్చే పనిలోనే రిటైరయి ఇంటిపట్టున ఉంటోంది. పుష్పరాణి కుట్టుమిషను ముందు కూర్చునేది. మెటియాబ్రుజ్‌లో ఒక ఉస్తాగర్, అంటే కుట్టుపని పంచే మేస్త్రీ, దగ్గర నుంచి కత్తిరించిన గుడ్డలు మూటలుగా వచ్చేవి. వాటిని పిల్లల గౌన్లుగా కుట్టి పంపేది. దారం తెంపడానికి కత్తెర వెతుక్కునే ఓపిక లేక పళ్లతోనే కొరికేసేది.

ముందు నొప్పి వచ్చింది అప్పమ్మకే. కుళాయి నీళ్లు పుక్కిలించినా, చలికాలపు గాలి నోట్లోకి పోయినా ఎడమ వైపు పై పళ్లు జివ్వుమనేవి. ఆవిడ చెంప పట్టుకుని అరుగు మీద కూలబడేది. తల్లి బాధ చూడలేక రాజా సెలవు పెట్టి సియాల్దా వైపున్న సర్కారీ దంతాసుపత్రికి తీసుకెళ్లాడు. పుష్పరాణిని వెంట రమ్మన్నాడు. ఆమె కలకత్తాలోనే పుట్టి పెరిగింది, బెంగాలీ ఇంట్లో మాటంత తేలిగ్గా వచ్చు. చీటీ చేతికొచ్చాక రాజా టీ కొట్టు దగ్గరికి వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లు లోపలికి వెళ్లారు.

డాక్టరు నడివయసు బెంగాలీ ఆవిడ. అప్పమ్మను కుర్చీలో వాల్చి, చిన్న అద్దం పెట్టి చూసింది. పన్నుకీ చిగురుకీ మధ్య సన్నటి గొట్టంతో గాలి ఊదింది. అప్పమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాలి ఆగగానే పట్టు వదిలేసింది. డాక్టరు పళ్ల మీద ఒక్కొక్కదాని మీదా ఇనప పుల్లతో తట్టింది. దేనికీ నొప్పి లేదంది అప్పమ్మ. ఎక్స్‌రే తీయించి చూసి, పుచ్చు లేదని డాక్టరు తేల్చింది. అరిగిన చిగురు పైకి జారిపోయి పంటి వేరు బయటపడింది. పన్ను పైభాగానికి గట్టి పెంకు లాంటి పొర ఉంటుంది, వేరుకి అది ఉండదు. అందుకే చల్లదనం తిన్నగా లోపలి నరానికి తెలుస్తోంది. ఇన్నేళ్లూ పొగాకు గుల్ పొడి వేలికద్దుకుని పళ్లు తోమినందుకు ఇది ఫలితమంది. గుల్ మానెయ్యాలి, మెత్తటి బ్రష్షుతో చేయి బరువు వెయ్యకుండా తోముకోవాలి. జివ్వుమనే పళ్లకోసమని అమ్మే పేస్టు పొద్దునా సాయంత్రం వాడి, ఉమ్మేసి ఊరుకోవాలి, వెంటనే నీళ్లతో కడిగెయ్యకూడదు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

అవన్నీ పుష్పరాణి తెలుగులో అత్తకు చెప్పింది. చివర్లో డాక్టరు ఇంకో మాట చెప్పింది. దాన్నీ ఒక్క ముక్క పోకుండా చెప్పింది. చల్లది తగిలినప్పుడు జివ్వుమని, అది తీసేయగానే పోతే ఈ నొప్పే. అలా కాకుండా చల్లది తీసేశాక కూడా నొప్పి ఉండిపోయినా, వేడి తగిలి చాలాసేపు సలిపినా, ఏదీ తగలకుండా దానంతటదే వచ్చినా, అది పుచ్చు లోపలి నరం దాకా వెళ్లిందని అర్థం. అప్పుడు పేస్టును నమ్ముకుని కూర్చోకుండా ఆసుపత్రికి రావాలి.

లేవబోతూ పుష్పరాణి తన సంగతి కూడా అడిగింది. కుడివైపు కింది దవడ పంట్లో ఈమధ్య చల్లనీళ్లకి ఒక్క క్షణం పోటు వస్తోంది, తీపి తిన్నా వస్తోంది. డాక్టరు తలెత్తి చూసింది. మాట విని చెప్పడానికి వీల్లేదని, దీపం పెట్టి చూడాలని, చీటీ రాయించుకుని రమ్మంది. బయటికి వచ్చేసరికి చీటీల కిటికీ మూసేశారు. రాజా టీ గ్లాసు కింద పెట్టి, అమ్మకి చెప్పిందే నీకూను, ఆ పేస్టే నువ్వూ రాసుకో, దానికింకో రోజు పాడు చెయ్యడమెందుకు అన్నాడు. ఆ రోజుకి పుష్పరాణికీ అదే సబబుగా తోచింది.

అప్పమ్మ గుల్ డబ్బా బయట పారేసింది. పేస్టు శ్రద్ధగా వాడింది. ఒక నెల తిరిగేసరికి చన్నీళ్లతో మొహం కడుక్కుంటూ నవ్వడం మొదలెట్టింది. ఆ పేస్టు మీద ఆవిడకి పెద్ద గురి కుదిరింది. పక్కింటివాళ్లకీ చెప్పింది, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లకీ చెప్పింది.

పుష్పరాణి పన్ను మాత్రం మారుతూ వచ్చింది. ముందు క్షణంలో పోయే పోటు, ఆ తరవాత కాసేపు నిలిచేది. కూతురు అమ్ములు బడి నుంచి తెచ్చిన జిలేబీ ముక్క ఒకటి ఆ పంటి సందులో ఇరుక్కుంటే, నీళ్లు పుక్కిలించి తీసేశాక కూడా చాలాసేపు లాగింది. పండగకి ఉస్తాగర్ మూటల మీద మూటలు పంపుతున్న రోజుల్లో ఒక సాయంత్రం వేడి టీ తాగింది. గుక్క మింగాక నొప్పి మొదలయింది. గ్లాసులన్నీ కడిగి బోర్లించినా తగ్గలేదు. చెవి దాకా, కణత దాకా పాకింది. ఆమె మిషను మీద తల ఆనించి కూర్చుండిపోయింది.

అప్పమ్మ చూసి తన పేస్టు గొట్టం తెచ్చింది. వేలి చివర కొంచెం పిండుకుని, కోడలి నోరు తెరిపించి, తనే చిగురు మీద రాసింది. కన్నకూతురికి రాసినంత మెల్లగా రాసింది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అదే పని. పుష్పరాణి నోరు తెరిచేది. ఆ వేలిని తోసెయ్యడానికి మనసొప్పేది కాదు.

ఒక రోజు మాత్రం చెప్పింది.

"అత్తా, నీది నీళ్లు మింగీగానే పోయీది. నాది పోతనేదు, ఉండిపోతంది. ఉండిపోతే పుచ్చేనని డాక్టరమ్మ సెప్పింది గదా. నీకు నేనే గదా తెలుగులో సెప్పాను."

అప్పమ్మ పేస్టు మూత బిగిస్తూ నవ్వింది. "ఇద్దరం ఒక్క కుళాయి నీళ్లే తాగుతన్నాం, ఒక్క గిన్నెలో టీయే తాగుతన్నాం. నొప్పి మాత్రం ఏరే అయిపోద్దేటే? నాకూ మొదట్లో తగ్గనేదు. ఓపిక పట్టాల."

రాజా ఇంటికొచ్చాక పుష్పరాణి అతనితో కూడా అంది. అతను సెల్‌ఫోను దీపం వేసి నోట్లోకి చూశాడు. పుచ్చంటే నల్లటి గుంట కనపడాలని అతని లెక్క. పన్ను తెల్లగా ఉంది. గుంటేమీ లేదని, దారం కొరికి కొరికి పళ్లు అదిరి ఉంటాయని, కొన్నాళ్లు కత్తెర వాడమన్నాడు. పుచ్చు రెండు పళ్ల నడుమ, బ్రష్షు కూడా దూరని చోట పట్టిందని, పైకి కనపడకుండానే లోపలికి తినేస్తోందని తరవాత ఎక్స్‌రేలో తెలిసింది. అప్పటికి అతను తను గుంట లేదన్న మాట మరిచిపోయాడు.

ఆమె ఒంటరిగా వెళ్లలేకపోయిందా అని ఎవరైనా అడగొచ్చు. రెండుసార్లు బయలుదేరింది. ఆసుపత్రిలో చీటీ దొరకాలంటే పొద్దున్నే వరసలో నిలబడాలి. క్వార్టర్లలో కుళాయి నీళ్లు వచ్చేదీ సరిగ్గా ఆ వేళకే. రాజా అప్పటికే లారీ మీద ఉంటాడు. అప్పమ్మ మోకాళ్ల నొప్పులతో బకెట్లు మొయ్యలేదు. మొదటిసారి చీర మార్చుకుని గడప దాటుతుంటే అప్పమ్మ ఖాళీ బిందెలు వరసలో పెట్టడానికి వంగింది. వంగినదాన్ని చూసి పుష్పరాణి వెనక్కి వచ్చేసింది. రెండోసారి బస్సు దాకా వెళ్లింది. రాజా ఫోన్ చేసి, వచ్చే వారం సెలవు పెట్టి తనే తీసుకెళ్తానన్నాడు. ఆ వారం వచ్చింది, సెలవు రాలేదు.

ఈలోగా నొప్పిని ఎలాగో ఒకలాగ తొక్కిపెట్టడం నేర్చుకుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించేది. ఎడమ వైపే నమిలేది. టీ చల్లార్చి తాగేది. పడుకుంటే నొప్పి నెత్తికెక్కుతోందని రెండు తలగడలు వేసుకునేది. మందుల కొట్టాయన ఇచ్చిన లవంగ నూనెలో చిన్న దూది ఉండ ముంచి, పుల్లతో పంటి మీద అద్దేది. నాలిక మొద్దుబారి, నొప్పి కాస్త దూరం జరిగినట్టుండేది. మిషను మీద నాలుగు గౌన్లు కుట్టేలోపు మళ్లీ దగ్గరికొచ్చేది. పారాసెటమాల్ మాత్రతోనూ అంతే.

అప్పమ్మకి ఎవరో చెప్పారట, ఆస్పిరిన్ మాత్ర పన్ను పక్కన చిగురుకి ఆనించి ఉంచితే నొప్పి లాగేస్తుందని. కోడలికి తనే పెట్టింది. మర్నాటికి అక్కడ చిగురు తెల్లగా ఉడికినట్టయి, తోలు ఊడి, మాట్లాడితే మండింది. మందుల కొట్టాయన అది విని చిరాకు పడ్డాడు. మాత్ర మింగడానికే గాని చిగురు మీద పెట్టడానికి కాదన్నాడు. లవంగ నూనె సీసా మళ్లీ ఇస్తూ, ఇది డాక్టరు దగ్గరికి వెళ్లేదాకానే దీదీ, డాక్టరుకి బదులు కాదు అన్నాడు. ఆమె తలూపి డబ్బులిచ్చి వచ్చేసింది. తనకి తెలియని సంగతి ఆయనేమీ చెప్పలేదు.

తరవాత నొప్పి, ఏమీ తగలకపోయినా వచ్చేది. ఇనప మేకు లోపల తిప్పుతున్నట్టు వచ్చి, దానికి బుద్ధి పుట్టినప్పుడు పోయేది. అలాంటి ఒక వారం గడిచాక, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆమె ముందు నమ్మలేదు. చల్లనీళ్లు తాగింది. మిగతా పళ్లన్నీ చల్లదనం కనుక్కున్నాయి, ఆ పన్ను కనుక్కోలేదు. వేడి టీ తాగింది. ఏమీ లేదు. సాయంత్రం అప్పమ్మ పేస్టు తీసుకుని వస్తే ఇక అక్కర్లేదంది. అప్పమ్మ ఆకాశం వైపు చూసి ప్రభువుకి స్తోత్రం చెప్పింది. "ఓపిక పట్టమన్నానా నేదా?" అంది. రాజా ఇలిస చేప తెచ్చాడు. అందరూ నవ్వుకుంటూ తిన్నారు. అమ్ములుకి ముళ్లు తీసి పెడుతూ పుష్పరాణి కూడా నవ్వింది.

ఆ తరవాత ఆమె తనని తాను ఎక్కువగా తిట్టుకున్నది ఆ నవ్వు గురించే. అన్నాళ్లూ తెలిసినదాన్ని ఒక్క పూట హాయికి వదిలేసుకుంది. అత్తే నిజమేమో, తనే ఉన్నదానికీ లేనిదానికీ భయపడిందేమో అనుకుంది. పంటి లోపలి నరం చచ్చిపోతే నొప్పి కూడా చచ్చిపోతుందనీ, కుళ్లు మాత్రం ఆగకుండా వేరు చివరికి దిగుతుందనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్లాలన్న ఆలోచన మానేసి మూటలు తెప్పించుకుంది.

కొన్ని వారాలకి ఆ పన్ను మిగతావాటికంటే కాస్త ఎత్తు పెరిగినట్టనిపించింది. కింది పన్ను పై పంటికి తగిలితే కలుక్కుమనేది. మరి రెండు రోజులకి దవడ కింద ఉబ్బింది. అప్పమ్మ కంగారుగా ఉప్పు మూట కట్టి, పెనం మీద వేడి చేసి కాపడం పెట్టింది. ఎంత ప్రేమగా పెట్టిందో వాపు అంతకంత పెరిగింది. మర్నాడు పొద్దున పుష్పరాణికి ఒళ్లు కాలిపోతోంది. నోరు తెరవబోతే రెండు పళ్ల వరసల మధ్య వేలు పట్టేంత సందు కూడా రాలేదు. ఉమ్ము మింగడానికి మెడ సాచాల్సి వచ్చింది. రాజా ఆమె మొహం చూసి భయపడి, డ్యూటీకి ఫోన్ చేసి, టాక్సీ తెచ్చాడు.

ఈసారి అత్యవసరమని వరస లేకుండానే లోపలికి పంపారు. అప్పుడు చూసిన డాక్టరు కాదు, ఒక కుర్ర డాక్టరు. బాగా అలిసిపోయి ఉన్నాడు. వాపు నొక్కి చూశాడు, జ్వరం చూశాడు, ఊపిరి ఆడుతోందా అని అడిగాడు. నొప్పి ఎప్పటి నుంచి అని అడిగాడు. పుష్పరాణి చెప్పబోయింది. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

రాజా హిందీలో జవాబిచ్చాడు. "నిన్నటి నుంచి సార్. అంతకుముందు ఏమీ లేదు. బాగానే తింది, తిరిగింది."

ఆమె అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి, భయం లేదన్నట్టు తట్టాడు. అబద్ధం చెబుతున్నానని అతనికి తెలియదు. అతని లెక్కలో ఆ పాత నొప్పి పేస్టుతో నయమైపోయింది, ఇది వేరే. ఆమె తల అడ్డంగా ఊపింది. వేళ్లు చూపించి నెలలని చెప్పబోయింది. డాక్టరు అప్పటికే సిరంజి విప్పుతున్నాడు. ఎక్స్‌రే చేతికొచ్చాక కిటికీ వెలుగులో పట్టి చూసి, దాన్ని ఆమె మొహం ముందుకి తెచ్చాడు.

"ఇది ఒక్కరోజులో రాదమ్మా. ఎన్ని రోజులు దాచావు? మొహం వాచేదాకా మీవాళ్లెవరూ రారు. పన్నంటే అంత చులకన," అన్నాడు.

అది బెంగాలీలో అన్నాడు. వాళ్లిద్దరిలో ఆ మాట పూర్తిగా అర్థమైంది ఆమె ఒక్కదానికే. నోరు తెరుచుకోని ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. నొప్పికనుకుని నర్సు ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకుంది.

లోపలి నుంచి కోసి చీము తీశారు. సూది మందుల కోసం ఆసుపత్రిలోనే ఉంచారు. వాపు మెడలోకి దిగి ఉంటే ఊపిరికే ముప్పని పెద్ద డాక్టరు రాజాతో చెప్పాడట. నోరు తెరుచుకున్నాక ఆ పన్ను పీకేశారు. మొదట్లోనే వస్తే చిన్న సిమెంటుతో పోయేదని, నరం దెబ్బతిన్న తరవాతైనా వచ్చి ఉంటే వేరు శుభ్రం చేసి పన్నును నిలబెట్టేవాళ్లమని చెప్పారు. రాజా తలూపాడు. ఆమె వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక అప్పమ్మ అన్నం మెత్తగా పిసికి, చారు పోసి, గిన్నె తెచ్చి ఎదురుగా కూర్చుంది. చూడ్డానికొచ్చిన వాళ్లకి, ఆ జివ్వుమనే రోగం తన పేస్టుతోనే పోయిందని, ఇది దిష్టి వల్లో గాలి వల్లో పట్టిన ఇంకో రోగమని చెప్పింది. ఆ మాట ఆవిడ నిజంగానే నమ్మింది. నమ్మకపోతే ఆవిడ ఆ గిన్నె పట్టుకుని కోడలి ఎదుట కూర్చోగలిగేది కాదని పుష్పరాణికి తెలుసు. అందుకని ఆవిడతో ఏమీ అనలేదు.

రాజాతో మాత్రం ఒక్కసారి మాట వచ్చింది. అతనే ఎత్తాడు. బట్టలు మడతపెడుతున్న ఆమె పక్కన కూర్చుని అన్నాడు.

"అంత నొప్పున్నప్పుడు గట్టిగా సెప్పాల గదా పుష్పా. ఏడిసుంటే నేనే ఎత్తుకుపోదును. నువ్వు ఏడవనేదు."

"డాక్టరమ్మ ఏటి సెప్పిందో అత్తకి సెప్పాను, నీకూ సెప్పాను. అర్థం కాకుండా సెప్పనేదు. అది ఆవిడ నొప్పికి సెప్పినప్పుడు మీ ఇద్దరికీ అర్థమయ్యింది. నాకు పనికొచ్చే కాడికొచ్చీసరికి మాత్రం నేను ఏడవాల."

అతను మడతపెట్టిన బట్టలు తీసుకెళ్లి లోపల పెట్టాడు. ఆ తరవాత ఆ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. నోట్లో ఖాళీ మాత్రం ఉండిపోయింది. నమిలేటప్పుడు మెతుకులు అందులోకి పోయేవి. నాలిక వద్దన్నా అక్కడికే వెళ్లేది.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మొదటి రోజు చూసిన డాక్టరమ్మే ఉంది. పుష్పరాణిని గుర్తుపట్టలేదు. నోరంతా చూసి, ఎడమ వైపు కింది పంటి మీద చిన్న పుచ్చు మొదలయిందని, ఇంకా పైపైనే ఉందని చెప్పింది. చల్లది తగిలితే జివ్వుమంటోందా అని అడిగింది. అవును, వెంటనే పోతోందని పుష్పరాణి చెప్పింది. ఆలస్యం చెయ్యకుండా ఇంకోసారి వచ్చి సిమెంటు పెట్టించుకుంటే మంచిదంది డాక్టరమ్మ.

పుష్పరాణి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఆ వారంలోనే, తెల్లారుతూనే లేచి, ఖాళీ బిందెలు కుళాయి దగ్గర వదిలేసి, తలుపు దగ్గరగా వేసి బస్సెక్కింది. వెనక నుంచి అప్పమ్మ పిలిచిందో లేదో తెలియదు. చీటీ దొరికింది. పిలుపు వచ్చింది. డాక్టరమ్మ సూది కూడా వెయ్యలేదు. చిన్న మిషనుతో పుచ్చు గీకి, పళ్ల రంగు సిమెంటు పెట్టి, నీలం దీపం పట్టి గట్టిపరిచి, కొరికి చూడమంది. సరిగ్గా ఉంది. అయిపోయింది, వెళ్లొచ్చంది. పుష్పరాణి కుర్చీలోంచి వెంటనే లేవలేకపోయింది. ఇంకేమైనా ఉందేమోనని కూర్చుంది. ఇంకేమీ లేదు. బయట ఇంకొకరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఖిదిర్‌పూర్ వంతెన మీద ట్రాఫిక్ ఆగినప్పుడు ఆమెకి ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో మొహం వాచి పడుకున్నప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క సీటు ముసలావిడ ఆమె చేతిలో ఉన్న ఆసుపత్రి కాగితం చూసి, పన్ను బాగా నొప్పిగా ఉందా తల్లీ అని బెంగాలీలో అడిగింది.

నొప్పేమీ లేదు మాషీ, అసలు నొప్పే లేదు అంది పుష్పరాణి. అని, కిటికీ వైపు తిరిగి, గార్డెన్ రీచ్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.